ఖాళీగా తిరిగొచ్చిన ఫ్లాస్కు

మా అత్తయ్యకు కత్తెర మీద కూడా అసూయే.

మామయ్య దుస్తులు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. పని అయ్యాక కత్తెరను నూనె గుడ్డతో తుడిచి, మెత్తటి ముక్కలో చుట్టి, సొరుగులో పడుకోబెట్టినట్టు పెడతాడు. "నాకు జ్వరమొచ్చినప్పుడు ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా దుప్పటి కప్పారా?" అని అత్తయ్య నన్ను అడిగింది. నేను ఆ కత్తెర ఊసే ఎత్తలేదు. ఆమెకు ఎప్పుడు ఏది గుర్తొస్తే అప్పుడు అడుగుతుంది, జవాబు మాత్రం మనం చెప్పాలి.

మామయ్య మా అమ్మకు అన్న. అదే షాపులో కిటికీ పక్కన ఉన్న కుట్టుమిషను నాది. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి వెళ్ళి, వచ్చేటప్పుడు మామయ్య టీ ఫ్లాస్కు పట్టుకురావడం నా పని. నాకు టీ అలవాటు లేదు కాబట్టి అత్తయ్య ఆ ఫ్లాస్కును నమ్మకంగా నా చేతికిచ్చేది.

టీ పెట్టేటప్పుడు అత్తయ్యను చూడాలి. మనిషి పొట్టి, చేతులు చురుకు. పాలు పొంగబోతుంటే స్టవ్ తగ్గించదు, గిన్నెను మంట మీద నుంచి ఎత్తి, పొంగు దిగాక మళ్ళీ పెడుతుంది. అలా చేస్తేనే ఆకు సారం పాలకు పడుతుందని ఆమె సిద్ధాంతం. రుచి చూడదు, రంగు చూస్తుంది. ఆ రంగు వచ్చేదాకా పక్కనున్న మనిషితో మాట్లాడదు. పెళ్ళయిన కొత్తలో మామయ్య ఆమె వండినవాటిలో మొదట మెచ్చుకున్నది ఈ టీనే. ఆ తర్వాత ఆయన నోరు విప్పి దేన్నీ మెచ్చుకోలేదు. అందుకని ఆమె ఆ ఒక్క మెప్పునూ భద్రంగా దాచుకుంది.

అలాంటి సమయంలో మా షాపులోకి కాజాలక్క వచ్చింది.

చొక్కాలకు కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆమె పని. మనిషి నెమ్మది, మాట మెత్తన. పాలు తాగితే ఆమెకు కడుపు ఉబ్బరిస్తుంది. అందుకని కరెంటు కెటిల్ తెచ్చుకుని, కిటికీ గట్టు మీద నీళ్ళు కాచి, నల్ల టీ చేసుకుని, నిమ్మచెక్క పిండుకునేది. ఒకరోజు నాలుగింటికి, నేను బట్టలు తీసుకుని కిందికి వెళ్ళబోతుండగా, మామయ్య ఛాతీ రుద్దుకుంటూ కనిపించాడు.

"ఏంటి మాస్టారూ, మంటా?" అంది.

"ఈమధ్య అప్పుడప్పుడూ వస్తోందమ్మా."

"పాల టీ వల్లే అయ్యుంటుంది. పాలు పోస్తే టీలో ఉండే మంచి అంతా పోతుందట. యాంటీ ఆక్సిడెంట్లట, వాటిని పాలు పట్టేసుకుంటాయట. ఇది తాగి చూడండి, తేలిగ్గా ఉంటుంది."

కప్పు ఇచ్చింది. మామయ్య తాగాడు. ఇందులో ఏ పాపమూ లేదు. నేను కూడా మర్నాడు భోజనం చేస్తూ, ఊరగాయ జాడీ అందుకుంటూ, మామూలుగానే ఈ మాట చెప్పాను. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎంత వయసు?"

"ఎవరికి?"

"నీ కాజాలక్కకి."

"నా కాజాలక్కేంటి అత్తయ్యా? నలభై ఉండొచ్చు."

"జుట్టు నెరిసిందా?"

"చూడలేదు."

"కప్పు బల్ల మీద పెట్టిందా, చేతికిచ్చిందా?"

నేను అబద్ధం చెప్పాల్సింది. చేతికే ఇచ్చిందని చెప్పాను. అత్తయ్య ఇంకేమీ అడగలేదు. నా కంచంలో మాత్రం అడగకుండానే ఇంత అన్నం కుమ్మరించి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె టీ మారిపోయింది. గుప్పెడు ఆకు ఎక్కువ వేసింది. వెన్న తీయని చిక్కటి పాలు తెప్పించింది. మరిగిందాన్నే మళ్ళీ మరిగించింది. ఉన్న ఫ్లాస్కు చాలదని పెద్దది కొంది. "నీళ్ళలో రంగు కలిపి ఇచ్చేవాళ్ళు ఇస్తారు, మనది టీ" అనేది గిన్నెతో. నాతో మాట్లాడటం తగ్గించి గిన్నెతో మాట్లాడటం మొదలుపెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు మంట చల్లారుతుందని మామయ్యకు గ్లాసుడు పాలు కూడా పట్టించేది. మామయ్య తాగి, అమ్మయ్య అనుకుని పడుకునేవాడు. తర్వాత లేచి కూర్చునేవాడు.

ఫ్లాస్కు మాత్రం ప్రతి సాయంత్రం ఖాళీగానే తిరిగొచ్చేది. మామూలు మనిషికైతే అది చాలు. అత్తయ్యకు అదే అనుమానం.

"ఇంత టీ ఒక్కరే తాగుతారా? పారబోస్తున్నారే. నాకు తెలియకూడదని పారబోసి, దాని కెటిల్ దగ్గర కూర్చుంటున్నారు."

"నాకేం తెలుసు అత్తయ్యా? నాలుగింటికి నేను కింద ఇస్త్రీ గదికి బట్టలు మోసుకెళ్తాను."

"అయితే సింకు వాసన చూడు."

ఇంత చదువు చదివి, సింకులోకి ముక్కు పెట్టి వాసన చూసే రోజు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. చూశాను. సబ్బు వాసన. అదే చెప్పాను. ఆమె నమ్మలేదు. మొక్కల కుండీలు ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. కిటికీ తెరిచి ఉంటుందా అని అడిగింది. అప్పుడు నేను లేచి వచ్చేశాను.

నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. నా మీద కూడా ఆమెకు అసూయ అని అప్పుడే అర్థమైంది. నేను రోజంతా ఆయన్ని చూస్తున్నాను, ఆమె చూడటం లేదు. అంతే నా నేరం.

ఒక సాయంత్రం నేను కింద నుంచి వచ్చేసరికి మామయ్య కటింగ్ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీదకు వంగి గీత గీస్తుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నాయట. ఛాతీ పట్టుకున్నాడు, మొహమంతా చెమట. కాజాలక్క విసురుతోంది. ఇద్దరం ఆటోలో ఎక్కించి సందు చివర ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అత్తయ్యకు ఫోన్ చేస్తే, కాళ్ళకు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. గదిలోకి రాగానే ముందు భర్తను చూసింది. వెంటనే ఆయన పక్కన నిలబడ్డ కాజాలక్క జుట్టు చూసింది. నెరవలేదు.

డాక్టరమ్మ ముందు గుండె పరీక్ష చేయించింది. అది బాగానే ఉంది. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని అడగడం మొదలుపెట్టింది. "టీ కాఫీలు ఎంత తాగుతారు?"

మామయ్య చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు.

"నేను పంపే టీ తాగరు డాక్టరమ్మా" అంది అత్తయ్య. "పారబోస్తారు. ఈవిడ చేసిన నల్ల నీళ్ళే తాగుతారు."

కాజాలక్క మొహం పాలిపోయింది. "నేను మంచికే ఇచ్చానండీ. పాలు పోస్తే అందులో బలం పోతుందని చదివాను."

"పారబోయలేదు" అన్నాడు మామయ్య. నేల చూస్తున్నాడు. "ఫ్లాస్కు మొత్తం తాగాను. తర్వాత కప్పు కూడా తాగాను."

"రెండూ?" అంది డాక్టరమ్మ.

"రెండూ. రోజూ."

"మధ్యలో ఏమైనా తింటారా?"

"టీతోనే కడుపు నిండిపోయేదండీ. తాగి మళ్ళీ బల్ల మీదకు వంగేవాడిని."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "చూడండమ్మా, ఇద్దరూ వినండి. పాలల్లో ఉండే ప్రొటీను టీలోని ఆ పదార్థాల్లో కొన్నింటిని పట్టుకునే మాట నిజమే. గాజు గొట్టంలో పరీక్షిస్తే బలం తగ్గినట్టు కనిపిస్తుంది. మనుషులకు తాగించి చూస్తే మాత్రం కొందరు తగ్గిందన్నారు, కొందరు తేడా లేదన్నారు. ఇంకా తేలలేదు. తేలినా దానికీ ఈయన మంటకీ సంబంధం లేదు."

"మరి మంట దేనివల్ల?" అన్నాను నేను.

"గొంతు నుంచి వచ్చే గొట్టం కడుపును కలిసేచోట మూతలాంటి కండరం ఉంటుంది. టీలో ఉండే కెఫీన్ కొంతమందికి దాన్ని వదులు చేస్తుంది. పాలు పోశామని కెఫీన్ ఎక్కడికీ పోదు. చిక్కటి పాలు కడుపులో ఎక్కువసేపు ఉంటాయి. నిమ్మకాయ పులుపు మంట ఉన్న గొట్టాన్ని ఇంకా మండిస్తుంది. పడుకునే ముందు పాలు తాగితే కాసేపు చల్లగానే ఉంటుంది, తర్వాత కడుపు మళ్ళీ ఆమ్లం తయారుచేస్తుంది. వీటన్నిటి మీద ఈయన వంగి పని చేస్తున్నారు. ఎవరి టీ తప్పని చెప్పమంటారు?"

అత్తయ్య మామయ్య వైపు తిరిగింది. గొంతు చాలా చిన్నది చేసి అడిగింది. "ఎందుకు రెండూ తాగారు?"

"నీది మిగిల్చి పంపితే నువ్వు బాధపడతావని."

"మరి ఆవిడది?"

"ఆవిడ చేతికిచ్చేది. వద్దంటే ఏమనుకుంటుందోనని."

అత్తయ్య మొహంలో ఆ క్షణం వచ్చినన్ని రంగులు ఆమె టీ గిన్నెలో కూడా నేను చూడలేదు. తన కోసం ఆయన ఇన్నాళ్ళు ఛాతీ కాల్చుకున్నాడు. సంతోషించాలి. ఆవిడ కోసం కూడా సరిగ్గా అలాగే కాల్చుకున్నాడు. ఏడవాలి. తాళి కట్టించుకున్న దానికీ, మొన్న కాజాలు తీయడానికి వచ్చిన దానికీ ఆయన దగ్గర మొహమాటం ఒకటే. పారబోసి ఉంటేనే బాగుండేదని ఆ పూట ఆమెకు అనిపించిందట. తర్వాత నాతో అంది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. పడుకునే ముందు మూడు గంటలు ఏమీ తినొద్దు, తాగొద్దంది. "టీ పూర్తిగా మానమనను. టిఫిన్ తిన్నాక ఒక చిన్న కప్పు, పలచగా తాగండి. మంట తగ్గకపోతే అదీ మానేద్దురు గాని. పాలదా, నల్లదా అన్నది మీ ఇష్టం. మీకేది పడితే అది. నిమ్మకాయ మాత్రం వద్దు. ఏది తాగుతారు?"

ఆమె మామూలుగానే అడిగింది. ఆ గదిలో ఆ ప్రశ్న ఎంత బరువో ఆమెకేం తెలుసు? కాజాలక్క తలుపు వైపు చూసింది. అత్తయ్య తన చేతి గాజు చూసుకుంది. మామయ్య మందుల కాగితం తీసుకున్నాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు, జేబు సర్దుకున్నాడు.

"ఇంట్లోదే తాగుతాను" అన్నాడు. "పాల టీ."

కాజాలక్క మనసారా తలూపింది. మర్నాటి నుంచి ఆమె మాస్టారుకు కప్పు ఇవ్వలేదు, ఎదురుపడితే ఎలా ఉందని మాత్రం అడిగేది. పెద్ద ఫ్లాస్కు అటక ఎక్కింది. మామయ్యకు మంట చాలావరకు తగ్గింది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మామయ్య ముందు నడిచాడు. వెనక నేనూ అత్తయ్యా. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విన్నావా? నాదే అన్నారు."

"విన్నాను అత్తయ్యా. గెలిచావు. ఇక హాయిగా ఉండు."

మందుల దుకాణం దాటాం. చెప్పుల దుకాణం దాటాం. ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది. ఇంటి మలుపు దగ్గర చెయ్యి వదిలేసి ఆగింది.

"కానీ చూశావా" అంది. "కాగితం మడిచేదాకా ఆలోచించారు."