నల్లా ఎంత తిరుగుతుంది?

వంటింటి నల్లా కారుతోందని ఆ ఆదివారం పొద్దున్నే మేడ మీదికెక్కి ట్యాంకు వాల్వు కట్టేశాను. అది కడితే నాలుగు వాటాలకూ నీళ్ళు బంద్. "అర్ధగంటే అక్కా" అని కింది వాటా ఆమె తలుపు మీద కొట్టి చెప్పి, బోయిగూడ హార్డ్‌వేర్ దుకాణానికి పరిగెత్తాను.

"నల్లా వాషర్ ఇవ్వండి."

దుకాణాయన కదల్లేదు. "పాత పీసు తెచ్చినవా అమ్మా?"

తేలేదు.

"పోనీ, ఎట్ల బంద్ చేస్తవో జెర చెయ్యి తిప్పి చూపెట్టు."

గాలిలోనే నల్లా కట్టేస్తున్నట్టు చెయ్యి తిప్పాను. నా మణికట్టు పావు చుట్టు తిరిగి ఆగిపోయింది.

"మూడు నాలుగు చుట్లు తిరిగితే వాషర్‌ది. ఒక్కటే పిడి పైకీ పక్కకీ కదిలి వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపితే కార్ట్రిడ్జ్‌ది. నీది పావు చుట్టు, సిరామిక్ డిస్క్‌ది. లోపలి పీసు విప్పి పట్కరా. పొడుగు, పిడి కూసునే కాడి పండ్లు కలవకుంటే ఏది కొన్నా పట్టదు."

మూడంతస్తులెక్కి వాల్వు కట్టినదాన్ని, వంటింట్లో ఆ పిడి ఎంత తిరుగుతుందో ఒక్కసారి చూసుకోలేదు! నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను.

మెట్ల దగ్గర కింది ఆమె తల నిండా షాంపూ నురగతో, ఒక కన్ను మూసుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందా?"

"నల్లా విప్పాలక్కా."

ఆమె మూసిన కన్ను కూడా తెరిచింది.

"ఇంకా విప్పనే లేదా?"