పదకొండు కుళాయి లీకులు

ఆయన పైపులు బాగుచేస్తాడు. మనుషుల పేర్లు సాయంత్రానికే మరిచిపోతాడు గానీ, ఎవరింట్లో ఏ మూల నీరు కారిందో పదేళ్ల తర్వాత అడిగినా చెబుతాడు. అందుకే ఫోనులో నంబర్లన్నీ జబ్బుల పేర్లతోనే ఉంటాయి. తడి చేతులతో ఎవరి పేరని అడిగి, ఏమని రాసుకుంటాడు? కుళాయి లీకు, సింకు జామ్, మోటారు ఎత్తట్లేదు. అంతే.

పోయిన బుధవారం ఒక సింకు కింద దూరి పని చేస్తుంటే జేబులో ఫోను అయిదుసార్లు మోగింది. రోజూ మోగే మోతే కదా, ఎవరిదో కుళాయి అనుకున్నాడు. చేసింది భార్య. ఆయన తల్లి స్నానాలగదిలో జారిపడింది. పక్కింటావిడా, భార్యా కలిసి లేవదీసి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. ఎముక విరగలేదు. ఆ రోజు నుంచి పెద్దావిడ కదిలినప్పుడల్లా భార్య ఉలిక్కిపడి లేస్తోంది. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ఇంట్లోవాళ్లు చేస్తే వేరే మోత రావాలి, చూడకుండానే తెలియాలి అన్నాడు.

ఆమె తన పేరు వెతికింది. "ఇల్లు" అని ఒకటి, "మా ఆవిడ" అని ఒకటి, "ఆవిడ కొత్త నంబరు" అని ఇంకొకటి.

"ముగ్గుర్ని కట్టుకున్నారన్నమాట," అంది. నవ్వలేదు.

మూడింటినీ ఎంచి ఒకటిగా కలిపింది. పని తేలిగ్గానే ఉంది. ఇంతలో ఫోనే, ఒకేలా ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ కలపమంటారా అని అడిగింది. ఆమెకు ఓపిక లేదు. కలపమని నొక్కేసింది. పదకొండు కుళాయి లీకులూ ఒక్క మనిషైపోయాయి, పదకొండు నంబర్లతో. తొమ్మిది సింకులదీ అదే గతి.

ఆయన ఫోను తీసుకుని చూశాడు. కిందికి జరిపాడు, పైకి జరిపాడు. ఒక్కొక్క లీకు పక్కనా ఆయన రాసుకున్న గుర్తులు, మేడ మీద ఇల్లు, కుక్క ఉంది, గేటు పక్కనే మీటరు, అన్నీ ఒకే చోట కుప్పగా పడి ఉన్నాయి. ఏ నంబరుకు ఏ కుక్కో తెలియదు.

"పోనీలే," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అలసటే ఉంది. ఆమెకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

నంబర్లన్నీ ఖాతాలో దాచి ఉంటాయి కనుక సెట్టింగుల్లో వెనక్కి తీసుకువెళ్లే దారి ఉంటుందని ఆమె చాలాసేపు వెతికింది. చివరికి దొరికింది. గంట క్రితం ఎలా ఉన్నాయో అలా చేయమంది. కాసేపటికి పదకొండూ విడివిడిగా తిరిగి వచ్చాయి. ఆమె కూడా మళ్లీ ముగ్గురైపోయింది.

ఈసారి తొందరపడలేదు. ఆమె ఒక్కొక్క నంబరూ, దాని పక్కనున్న గుర్తూ చదివింది, గోడకు జారబడి కళ్లు మూసుకుని ఆయన చెప్పాడు. ఇది స్కూలు టీచరుగారిది, పేరు మార్చు. ఇది దర్జీ వాళ్లది. ఇదీ దర్జీ వాళ్లదే, రెండో నంబరు, ఆ రెండూ కలుపు. ఇది ఎవరో గుర్తురావట్లేదు, ఉండనీ. ఇల్లు, పనులు, సామాను కొట్లు అని మూడు గుంపులు చేసి, ఎవరిని ఎందులో వేయాలో వేశారు. ఆ ఫోనులో గుంపు మొత్తానికి ఒకేసారి మోత పెట్టడం కుదరలేదు. భార్య, తల్లి, తమ్ముడు, ఒక్కొక్కరి పేజీ తెరిచి విడిగా పెట్టవలసి వచ్చింది. నీళ్ల చప్పుడులో వినబడాలని పాతకాలపు గంట మోత ఎంచారు. పని పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక హోటలు వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి కింద పడుకుని ఉండగా జేబులో గంట మోగింది. వంటాయన, "అవతల గిన్నెలు పేరుకుపోతున్నాయి, తర్వాత మాట్లాడవయ్యా," అంటూనే ఉన్నాడు. ఆయన పాకుతూ బయటికి వచ్చి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని రెండో మోతకే ఎత్తాడు.

చేసింది భార్య.

"అమ్మకేమైంది?"

"ఏం కాలేదు. నిద్రపోతోంది," అంది ఆమె. "ఎత్తుతారో లేదోనని చేశాను."

"ఎత్తాను కదా."

"ఊఁ. అయితే నేనూ కాసేపు పడుకుంటాను. అయిదు రోజులైంది."

"పడుకో," అన్నాడు.

వంటాయన ఏదో అడుగుతున్నాడు. ఫోను మోత ఇంకొంచెం పెంచి జేబులో పెట్టుకుని, ఆయన మళ్లీ తొట్టి కిందికి దూరాడు.