రోలు మాస్టారూ, ఇద్దరు పొడుగుకాళ్లవాళ్లూ

మెట్లు దిగి లోపలికి వెళ్లగానే ఎదురుగోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు కనిపిస్తాయి: ‘కష్టపడితే కానిది లేదు’. రాయించింది మాస్టారే. గోడకేం, ఏది రాసినా మోస్తుంది. మోయలేక చచ్చేది మనుషులు.

అది ఒక పాత గోదాము కింది అర. బరువులు తగిలించే ఇనుప బార్లు నాలుగు, రెండు స్క్వాట్ స్టాండ్లు, చీలికలు పడ్డ రబ్బరు చాపలు, మూల ఒక కుళాయి. ముప్ఫై ఏళ్లుగా మాస్టారు అక్కడ బరువులెత్తడం నేర్పుతున్నాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎటు తోసినా కదలకుండా ఉంటాడు కాబట్టి రోలు మాస్టారని పేరు పడింది. భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుంటే పిర్రలు మడమలకు తగిలేవి. లేచేటప్పుడు మొహంలో కండ కదిలేది కాదు. దేవుడిచ్చిన పొట్టి తొడలను ఆయన తన క్రమశిక్షణ అనుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన పొరపాటంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఆయనకో తమ్ముడుండేవాడు. ఉన్నాడు ఇప్పటికీ, ఇదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల. తల్లి పోలిక వచ్చి తాటిచెట్టంత పెరిగాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నడుస్తుంటే జిమ్ వాళ్లు ‘రోలూ రోకలీ వస్తున్నాయిరోయ్’ అనేవాళ్లు. అన్న ఎంత చెబితే తమ్ముడికి అంత. రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవకూడదంటారు. ఈ కథలో పోటు రోకలికే తగిలింది.

పోటీల్లో స్క్వాట్, అంటే బార్ మోస్తూ కూర్చుని లేవడం, దాని నియమం చెప్పడానికి తేలికే. తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి. ముగ్గురు రెఫరీల్లో ఇద్దరైనా తెల్లదీపం వెయ్యాలి. అవకాశాలు మూడు. ఒకసారి చెప్పిన బరువును తర్వాత తగ్గించడానికి వీల్లేదు. మూడూ పోతే ఆ రోజు పోటీ నుంచి బయటికే. తమ్ముడు మూడు పోటీలకు వెళ్లాడు, మూడింట్లోనూ మూడేసి ఎర్రదీపాలతో తిరిగొచ్చాడు. బలం లేక కాదు. లోతు చాలక.

‘బద్ధకం రా నీది. బద్ధకం, భయం. కూర్చోవడానికి ఒళ్లు వంగదు నీకు’ అనేవాడు అన్న. బరువు పెంచితే అదే కిందికి తొక్కుతుందన్నాడు. పెంచాడు. ఒకరోజు తమ్ముడు బార్‌కు తగిలించే చిన్న ఇనుప పళ్లేలు రెండు మడమల కింద పెట్టుకుని దిగి చూపించాడు. ‘అన్నయ్యా, ఇలా అయితే దిగుతున్నాను, చూడు’ అన్నాడు. మాస్టారు కాలితో ఆ పళ్లేలను తన్నేశాడు. ‘స్టేజీ మీద పళ్లేలు పెట్టుకోనిస్తారా? మోసాలు నేర్చుకోకు.’ పోటీలో పళ్లేలు పెట్టుకోనివ్వరు, నిజమే. మడమ ఎత్తున్న బూట్లు వేసుకోనిస్తారని కూడా ఆయనకు తెలుసు. అవి ఆడంగి బూట్లని ఆయన లెక్క.

ఆ తర్వాత మూడో వారం, నూటయాభై కిలోల కింద తమ్ముడి మడమలు లేచాయి, నడుము కింది భాగం గుండ్రంగా వంగింది, బార్ మెడ మీది నుంచి దొర్లింది. వెన్నులో డిస్కు జారింది. ఎడమ పాదం అప్పటి నుంచి సరిగా లేవదు, నడిస్తే నేలను రాస్తుంది. అప్పుడతనికి ఇరవై మూడు. ఇప్పుడు నలభై అయిదు. ఫోటో ఫ్రేముల షాపు పెట్టుకున్నాడు. అరగంటకు మించి కూర్చోలేడు కాబట్టి నిలబడే పని చేస్తాడు. అన్నదమ్ముల మధ్య మాటలున్నాయి. మర్యాదగా, కొలిచినట్టు, పక్కింటివాళ్ల మధ్య ఉన్నట్టు.

ఈ ఇరవై రెండేళ్లూ మాస్టారు ఒక్క నమ్మకం మీద నిద్రపోయాడు: వాడు మనసు పెట్టి కూర్చుని ఉంటే అలా జరిగేది కాదు.

ఆ నమ్మకం మీదికి ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి పడింది. ఇరవై ఆరేళ్లది, మొదటి షిఫ్టుకు ముందు వచ్చి బరువులెత్తేది. నడుము పైన ఎంతుందో మోకాలికీ తుంటికీ మధ్య ఇంచుమించు అంతే ఉన్నట్టు కనిపించేది. జిమ్‌లో ఇరవై ఏళ్లుగా తిష్ఠ వేసిన పాత లారీ డ్రైవరు, లారీ బాబాయ్, మొదటిరోజే ‘నిచ్చెన’ అని పేరు పెట్టేశాడు.

‘నిచ్చెన ఎక్కడానికేనమ్మా, దిగడానికి కాదు’ అన్నాడు, ఆమె సగంలో ఆగిపోవడం చూసి.

‘ఎక్కినవాళ్లు దానిమీదే దిగుతారు బాబాయ్. నువ్వు లారీ టాపు మీంచి దూకేవాడివా?’ అంది ఆమె.

ఆమె రెండు పోటీలకు వెళ్లి వచ్చింది. రెండుసార్లూ ఎర్రదీపాలే. మూడోది నాలుగు నెలల్లో ఉంది. అది కూడా పోతే మానేస్తానంది. మాస్టారు పాత మందే తీశాడు. ‘ఇంకో పది కిలోలు వెయ్యి. అదే తొక్కుతుంది.’ ఆమె దిగింది. మడమలు లేచాయి. నడుము గుండ్రంగా తిరిగింది. మాస్టారు ‘ఆపు, ఆపు, స్టాండుకు పెట్టెయ్’ అని అరిచాడు.

ఆమె నీళ్లు తాగి వచ్చింది. ఖాళీ బార్‌తో మళ్లీ మొదలుపెట్టబోతూ, ఎవరికీ చెప్పకుండా రెండున్నర కిలోల పళ్లేలు రెండు కాలితో లాక్కుని మడమల కింద పెట్టుకుంది. మాస్టారి కుడికాలు దానంతటదే లేచింది. తన్నడానికే లేచింది. గాల్లో ఆగింది.

ఆమె దిగింది. మోకాళ్లు ముందుకు వెళ్లాయి, ఛాతీ నిటారుగా నిలబడింది, తుంటి మోకాలిని దాటి ఇంకా కిందికి, చంటిపిల్ల మట్టిలో ఆడుకోవడానికి కూర్చున్నంత సుఖంగా దిగింది. అక్కడే ఆగి, ‘మాస్టారూ, ఇది చాలా?’ అని అడిగింది.

‘ఓర్నీ, నిచ్చెన మడతపడిందిరోయ్!’ అన్నాడు లారీ బాబాయ్.

మాస్టారు కుళాయి దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఈ పిల్ల పళ్లేలతో దిగింది, సరే. బార్ మీద బరువుంటే, పోటీలో, రెఫరీల ముందు దిగుతుందా? దిగితే, తమ్ముడితో తను ఇన్నేళ్లూ అన్నదంతా అబద్ధం. దిగకపోతే తను బతికిపోతాడు. ఒక పిల్ల ఓడిపోవాలని ఒక గురువు కోరుకున్నాడు. ఒక్క రాత్రి కోరుకున్నాడు. మర్నాడు పొద్దున టేపు పట్టుకుని వచ్చాడు.

తుంటి నుంచి మోకాలిదాకా కొలిచాడు, కూర్చోబెట్టి మొండెం కొలిచాడు. పాదం నేలకు ఆన్చి మోకాలితో గోడను తాకమన్నాడు. బొటనవేలు గోడకు నాలుగు వేళ్ల దూరం పెట్టగానే మడమ లేచిపోయింది. లెక్క కుదిరింది. బార్ పాదం మధ్యకు పైన ఉండాలి, లేకపోతే మనిషి పడిపోతాడు. తొడ పొడుగైతే తుంటి బాగా వెనక్కి పోతుంది. దాన్ని సరిచెయ్యడానికి మొండెం ముందుకు వాలాలి. చీలమండ వంగకపోతే మోకాలు ముందుకు రాదు, వాలు ఇంకా పెరుగుతుంది. ఇందులో బద్ధకానికి ఎక్కడా చోటు లేదు.

తర్వాత ఎంపిక. బార్‌ను వీపు మీద ఇంకా కిందికి దించి చూశాడు. చాలామంది పొడుగువాళ్లకు అది నప్పుతుంది. ఈమె మాత్రం మడతకత్తిలా ముందుకు ముడుచుకుపోయింది. కాళ్లు బాగా ఎడం పెట్టించాడు. గజ్జల్లో పట్టేస్తోందంది. కొంచెం తగ్గించి, వేళ్లు బయటికి తిప్పి, మోకాళ్లను వేళ్లవైపే తెరవమన్నాడు. తొడ పక్కకు తెరుచుకుంటే ముందూ వెనకల పొడవు తగ్గినట్టే. తుంటి రెండు కాళ్ల మధ్యకు దిగడం మొదలైంది.

మొదటి నెల వీపు మీద బార్ లేనే లేదు. డంబెల్ గుండెకు హత్తుకుని, మడమల కింద చెక్కతో దిగడం. ఎదర బరువుంటే వెనక్కి పడతామన్న భయం ఉండదు. రెండో నెల బార్ మెడకు ముందు భుజాల మీద. అక్కడ ఛాతీ వాలిందంటే బార్ జారిపోతుంది కాబట్టి నిటారుగా ఉండక తప్పదు. మూడో నెల నుంచి మడమ ఎత్తు బూట్లతో, బార్ వీపు మీద ఎత్తుగా పెట్టుకుని, అడుగున రెండు సెకన్లు ఆగి లేవడం. లోతు ఒంటికి గుర్తుండడానికి సరైన ఎత్తులో పెట్టె కూడా పెట్టాడు, దాని మీద కూలబడకుండా తాకి లేవమన్నాడు. చివరి నెల పెట్టె తీసేశాడు. బరువు మాత్రం పాతదానికన్నా ముప్ఫై కిలోలు తక్కువ నుంచి మొదలుపెట్టించాడు.

‘ఇంత తేలిగ్గానా? పరువు పోతుంది మాస్టారూ.’

‘పోనీ. నడుము ఉంటుంది.’

పోటీ రోజున తొలి ప్రయత్నానికి తొంభై అని రాయించాడు. ఆమె దిగింది. మాస్టారు పక్క రెఫరీ కళ్లనే చూస్తూ నిలబడ్డాడు. మూడు తెల్లదీపాలు. తొంభై ఏడున్నర. రెండు తెలుపు, ఒకటి ఎరుపు. చెల్లింది. నూటఅయిదు. లోతుకు వెళ్లింది, లేవలేకపోయింది, ఇద్దరు బార్ అందుకున్నారు. బలం చాలక ఓడడం ఆమెకదే మొదటిసారి, నవ్వుతూ వచ్చి మాస్టారిని వాటేసుకుంది. లారీ బాబాయ్ ఈలలు వేశాడు. మాస్టారు చప్పట్లు కొట్టలేకపోయాడు. చేతులు రెండూ జేబుల్లో ఉండిపోయాయి.

మర్నాడు ఫ్రేముల షాపుకు వెళ్లాడు. తమ్ముడు ఎత్తుబల్ల ముందు నిలబడి ఒక పెళ్లి ఫోటోకు అట్ట కోస్తున్నాడు.

‘రా అన్నయ్యా. వదిన బాగుందా?’

‘బాగుందిరా.’ మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. ‘ఒక అమ్మాయికి నేర్పుతున్నాను. నీలాంటి కాళ్లే.’

‘పాపం.’

‘దిగింది రా. నిన్న పోటీలో. మడమ ఎత్తు బూట్లు, కాళ్లు కొంచెం ఎడం. అంతే. నీది బద్ధకం కాదురా. భయమూ కాదు. తొడ ఎముక పొడుగు, చీలమండ బిగుసు. నేను చూసుకోవలసింది. చూసుకోలేదు.’

తమ్ముడి చేతిలో బ్లేడు ఆగింది. కోప్పడతాడని మాస్టారు సిద్ధపడి వచ్చాడు. తిట్లకు సిద్ధపడ్డాడు. కొట్టినా పడదామనుకున్నాడు.

‘బద్ధకం కాదా?’ అన్నాడు తమ్ముడు.

‘కాదురా.’

‘నేను నమ్మాను అన్నయ్యా.’

‘ఏంటి?’

‘నువ్వు చెప్పావు కదా, నమ్మాను. నాలోనే ఏదో తక్కువనుకున్నాను. తర్వాత ఏ పని మొదలుపెట్టినా మధ్యలో అదే గుర్తొచ్చేది, మనవల్ల కాదులే, మనది బద్ధకమని. పెద్ద షాపు తీసుకోమని మీ మరదలు పోరింది. తీసుకోలేదు. ఈ కాలు చూసినప్పుడల్లా, నా తప్పే కదా, ఎవరిని అంటామని సరిపెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు అలాగే సరిపెట్టుకున్నాను.’ బ్లేడు బల్ల మీద పెట్టాడు. ‘ఇప్పుడొచ్చి నా తప్పు కాదంటున్నావు. ఇక ఏం చెప్పి సరిపెట్టుకోవాలి నేను?’

 క్షమించమని అడగాలని మాస్టారు దారంతా కూడగట్టుకున్న మాటలు ఆ ప్రశ్న ముందు చిల్లర పైసల్లా ఉన్నాయి.

‘కాసేపు కూర్చోనా?’ అన్నాడు.

‘ఇక్కడ కుర్చీ లేదు అన్నయ్యా. వెళ్లు ఇవాళ్టికి.’

‘మళ్లీ ఎప్పుడు రమ్మంటావురా?’

‘నేనే చెప్తాను.’

నిచ్చెన తర్వాతి పోటీలో నూటపది లేపింది. గోడ మీది అక్షరాలకు మాస్టారు సున్నం కొట్టించాడు. కొత్తగా ఎవరు వచ్చినా బార్ చేతికివ్వకముందు టేపు తీస్తాడు, గోడ దగ్గర మోకాలు పెట్టమంటాడు, ఎవరికి ఏ స్క్వాట్ అన్నది అప్పుడు చెబుతాడు. మంచి గురువని పేరొచ్చింది.

తమ్ముడు ఇంకా చెప్పలేదు.