కొట్టేసిన వాక్యం

పేషెంట్లు ఆమెకు పెట్టుకున్న పేరు సూదక్క. ఎవరికీ దొరకని నరం ఆమె వేళ్లకు దొరికేది. ఆ పేరును రెజ్యూమెలో రాసుకోలేరు కదా! ఇన్నేళ్లూ పనిచేసిన చిన్న ల్యాబు మూతపడ్డాక, పెద్ద ల్యాబులో ఉద్యోగం కోసం తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చుని అక్క బతుకంతా రెండు పేజీల్లోకి దించాడు. షుగరు, క్రియాటినిన్, థైరాయిడ్, రక్తకణాల లెక్క. బయోకెమిస్ట్రీ అనలైజరు, సెల్ కౌంటరు, సెంట్రిఫ్యూజు. ఆపైన ల్యాబుల నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 15189 మీద అవగాహన. వాడు చదువుతుంటే ఎవరో గొప్పావిడ గురించి వింటున్నట్టు అనిపించింది సూదక్కకు.

అంతటితో ఊరుకుంటే వాడు తమ్ముడెందుకవుతాడు? ఇంటర్వ్యూ గది బయట కూర్చుని మళ్లీ చూసుకుంటే రెండో పేజీ అడుగున కనబడింది: "నా చేతిలో కంట్రోలు ఏనాడూ తప్పలేదు."

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఇదేం రాతరా?"

"మంచి మాటేగా అక్కా! ఎవరు చూడొచ్చారు?"

"వాళ్లే చూస్తార్రా, వాళ్ల పనే అది!"

కంట్రోలంటే ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన నమూనా. పేషెంట్ల రక్తం కన్నా ముందు దాన్ని మిషన్లో పెడతారు. హద్దు దాటితే రిపోర్టులు ఆపి, కారణం వెతికి, సరిచేసి మళ్లీ పెట్టాలి. ఏళ్ల తరబడి ఒక్కసారీ దాటలేదంటే అసలు పెట్టలేదనో, అంకెలు దిద్దారనో అనుకుంటారు. తన నిజాయితీ పనిని తమ్ముడి పొగడ్త దొంగపని చేసేసిందని ఆమెకు ఏడుపొచ్చింది.

పక్క కుర్చీలోని అమ్మాయి జాలిపడి వైట్‌నర్ చేతిలో పెట్టింది. "పూసేయండి ఆంటీ, ఏమీ కనబడదు."

సూదక్క మూత తిప్పి, మళ్లీ పెట్టేసింది. ఈ ఉద్యోగం ఆమెకు కావాలి. పని లేని ఈ నెలల్లో తన చేతులే తనకు పరాయివైపోయాయి. అయినా పెన్ను తీసి ఆ వాక్యం మీద ఒకే గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేసింది.

లోపల క్వాలిటీ మేనేజరు రెండో పేజీ దగ్గర ఆగాడు.

"కొట్టేసింది చదవగలుగుతున్నానమ్మా."

"చదవగలగాలి కదండీ. రికార్డులో తప్పు దిద్దితే పాతది కనబడాలి, దిద్దిందెవరో తెలియాలి."

"అయితే కంట్రోలు తప్పిందా?"

"చాలాసార్లు సార్. ఓసారి క్రియాటినిన్ రిపోర్టులు మధ్యాహ్నం దాకా ఆపేశాను. ఓనరుగారు నానా మాటలూ అన్నారు. చూస్తే ఫ్రిజ్ చెడిపోయి, పరీక్షకు కలిపే మందు, రీఏజెంటు పాడైంది. కొత్త సీసా పెట్టి, మిషన్ని మళ్లీ కాలిబ్రేషన్ చేసి, కంట్రోలు సరిగా వచ్చాకే వదిలాను."

ఆయన ఇంకేవో అడిగాడు. బయటికొచ్చేసరికి తమ్ముడి ఫోను.

"ఏం చెప్పావక్కా?"

"చాలాసార్లు తప్పిందని చెప్పాన్రా."

"కొంప ముంచావ్!"

"సోమవారం నుంచి రమ్మన్నారు," అంది సూదక్క, తన వేళ్లను చూసుకుంటూ.