పంపిన పట్టా

ఆ కాలేజీలో ఆమెను అందరూ లైబ్రరీ అక్క అనే పిలుస్తారు. ఏళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. కిటికీలోంచి జారే ఎండ ఏ అరను ఎప్పుడు తాకుతుందో ఆమెకు తెలుసు.

ఆ ఉద్యోగాన్ని పర్మినెంటు చేస్తూ ప్రకటన వచ్చింది. పరీక్ష రాసింది, జాబితాలో మొదటి పేరు ఆమెదే. కాగితాలు సర్దుకుంటుంటే కనిపించింది: డిగ్రీ పట్టా మీద ఆమె పేరులో ఒక అక్షరం లేదు.

"ఇన్నాళ్లూ నేను కాపురం చేసింది ఎవరితోనే?" అన్నాడు భర్త.

"నవ్వులాటగా ఉందా మీకు?"

కాలేజీ ఆఫీసులో పెద్దగుమస్తా పట్టాను వెలుతురుకు పట్టి చూశాడు. "సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికితే పీకేస్తారమ్మా. ముందే దిద్దించుకో."

యూనివర్సిటీ రిజిస్ట్రారుగారికి అర్జీ రాసింది. పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు సరిగ్గా ఉందనీ, పట్టాలో దిద్దించమనీ వేడుకుంది. తాను చదివిన కాలేజీ ప్రిన్సిపాలు సంతకం పెట్టించి, ఫీజు కట్టిన చలానా, పదో తరగతి నకలు జతచేసింది. రూలు ప్రకారం అసలు పట్టాను కూడా అప్పగించింది. కౌంటరులో గుమస్తా ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టాడు.

"ఎప్పటికొస్తుందండీ?"

"వచ్చినప్పుడు వస్తుంది. పోస్టులో పంపిస్తాం."

పరిశీలన రోజుకు అది రాలేదు.

బల్లకు అవతల అధికారి రసీదును తిప్పి చూశాడు. "ఇది పట్టా కాదమ్మా. ఒరిజినల్ ఏది?"

"దిద్దడానికి ఇచ్చానండీ. పేరు తప్పుగా పడింది."

"గడువు ఇవ్వడానికి నాకు అధికారం లేదు. నెక్స్ట్."

ఆమె వెనకాలే జాబితాలో రెండో పేరుగల పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్ల పట్టాలోనూ పేరు తప్పే. స్టాంపు పేపరు మీద నోటరీతో అఫిడవిట్ రాయించుకుని, తప్పు పట్టాను అలాగే పట్టుకొచ్చింది. అధికారి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తలూపి, సంతకం చేశాడు.

మెట్లమీద ఆ పిల్ల అడిగింది, "అక్కా, అఫిడవిట్ సరిపోతుందని మీకెవరూ చెప్పలేదా?"

చెప్పడానికి ఎవరున్నారు? సలహా ఇచ్చిన ఒకే ఒక్క మనిషి, పెద్దగుమస్తా, దిద్దించుకోమనే అన్నాడు.

నెల తిరిగేసరికి ఆమె ఆ పిల్లకే లైబ్రరీ తాళాలు అప్పగించింది. ఏ తాళం ఏ బీరువాదో చెప్పింది. కిటికీ రెక్క సరిగ్గా పడదని, వానొస్తే అక్కడ పుస్తకాలు తడుస్తాయని కూడా చెప్పింది.

తరువాత ఒక మధ్యాహ్నం ఇంటికి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. పోస్టుమాన్ సంతకం చేయించుకుని, "మంచి వార్తేనా అమ్మా?" అన్నాడు.

చించి చూసింది. దళసరి కాగితం, మెరిసే ముద్ర. పేరులో ప్రతి అక్షరమూ ఉంది.

"ఇప్పుడు నువ్వెవరో తెలిసింది," అన్నాడు భర్త మెల్లగా. ఈసారి నవ్వలేదు.

ఆమె కాగితాన్ని మడత పడకుండా కవరులోకి దూర్చింది. అలవాటుగా చెయ్యి కొంగు ముడిలో తాళాల కోసం తడుముకుంది. ముడి ఖాళీగా ఉంది.