ఒక A, నలభై ఐదు P లు

దమ్మపేట దాటి అడవి వైపు వెళ్ళే దారిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మాది తిరుమలాయపాలెం వైపు ఊరు. ఉద్యోగం ఇక్కడ వచ్చింది కాబట్టి దమ్మపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరుగా ఉన్న ఏడాది నేను చేసిన ఒక పని గురించి ఇది. మంచి పనే అనుకుని మొదలుపెట్టాను.

మా బళ్ళో సగం మంది పిల్లలు అడవిలోని గూడేల నుంచి నడిచి వస్తారు. వానలు మొదలైతే హాజరు పడిపోతుంది. ఏం చేద్దామని హెడ్మాస్టరు మీటింగు పెడితే నేనే చెప్పాను. "మొత్తం ఎన్ని రోజులు వచ్చారని కాదు సార్, తెగకుండా వరసగా ఎన్ని రోజులు వచ్చారో చూద్దాం. క్లాసులో పెద్ద వరుస ఎవరిదైతే వాళ్ళకి జనవరి ఇరవై ఆరున సర్టిఫికెట్, ఒక స్కూలు బ్యాగు ఇద్దాం."

ఆయనకు నచ్చింది. "గిట్ల అయితే ఒక్కరోజు కూడా ఎగ్గొట్టరు మేడం" అన్నారు.

హాజరు పట్టీలో ఒక్కొక్కరికి ఒక్కో అడ్డ వరుస ఉంటుంది. వస్తే P, రాకపోతే ఎర్ర ఇంకుతో A. మా దగ్గర రోజుకు ఒకటే అక్షరం. దాన్నే లెక్కల పాఠం చేశాను. ఎవరి వరుస వాళ్ళే నోటుబుక్కులో రాసుకోవాలి. కింద రెండు అంకెలు ఉంచుకోవాలి. ఒకటి ఇప్పటి వరుస, రెండోది పెద్ద వరుస. P పడితే ఇప్పటి వరుసకు ఒకటి కలపాలి. A పడితే అది సున్నా అవుతుంది. ఇప్పటి వరుస పెద్ద వరుసను దాటినప్పుడే రెండోది మారుతుంది. నెల మారి పట్టీలో పేజీ తిప్పినా లెక్క ఆగదు, జూలై చివరి P పక్కనే ఆగస్టు మొదటి P ఉన్నట్టు చూడాలి.

"ఆదివారం వస్తే తెగదా మేడం?" అని అడిగింది మూడో బెంచీలో పిల్ల.

"బడి లేని రోజుకు అక్షరమే ఉండదు కదా. శనివారం తర్వాత సోమవారమే."

ఆ పిల్లది వాగు అవతలి గూడెం. నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఇంట్లో మాట్లాడేది వేరే భాష, తెలుగు బళ్ళోనే నేర్చుకుంది. సన్నగా ఉండేది, నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునేది. లెక్కల్లో ఆమెకు పెద్దగా మార్కులు రావు. కానీ ఈ లెక్క ఆమెకు బాగా పట్టుబడింది, ఎందుకంటే ఇందులో ఆమె ముందుంది. బడి తెరిచిన రోజు నుంచి వరసగా ముప్పై ఎనిమిది రోజులు వచ్చింది. ఆమెతో సమానంగా ఉన్నది ఒక్క క్లాస్ లీడరే. లీడరు బడి పక్కనే ఉండే కిరాణా దుకాణం వాళ్ళ అమ్మాయి. ప్రతి శనివారం బోర్డు మూలన ఇద్దరి అంకెలూ రాసేదాన్ని.

జూలై చివరి పనిరోజు తెల్లారి నుంచి ఒకటే వాన. తొమ్మిదిన్నరకు బెల్లు కొట్టారు. పేర్లు పిలిస్తే గూడేల పిల్లల్లో ముగ్గురే పలికారు. పదింటికల్లా హాజరు ఫోన్‌లో పైకి పంపాలి. పంపాను. పట్టీలో కూడా రాసేశాను.

పదీ నలభైకి ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. నడుము దాకా తడిసిపోయి ఉంది. పుస్తకాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తల మీద పెట్టుకుంది.

"వాగు వచ్చింది మేడం. అవతల గడ్డన నిలవడ్డ. నీళ్ళు తగ్గినంక దాటి వచ్చిన."

"సరే, కూర్చో. వెనక్కి పోయి తల తుడుచుకో."

కూర్చోలేదు. నా టేబుల్ మీది పట్టీ వైపు చూస్తోంది. "A ఏసిన్రా మేడం?"

"పదింటికి పంపేశానమ్మా. ఇక మారదు."

"వచ్చిన గద మేడం."

నిజానికి పట్టీలో మార్చొచ్చు. A ని కొట్టేసి పక్కన P రాసి సంతకం పెడితే సరిపోతుంది, అందరం ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. ఫోన్‌లో వెళ్ళింది వేరే సంగతి. బహుమతి లెక్క పట్టీ చూసే కదా. కానీ క్లాసంతా నా వైపే చూస్తోంది. లీడరు కూడా. ఒకరికి మారిస్తే రేపు పదిమంది అడుగుతారనుకున్నాను. రూలంటే రూలే అనుకున్నాను. "మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు. ఏడాది ఇంకా చాలా ఉంది" అన్నాను.

ఆమె నోటుబుక్కు తీసి, ముప్పై ఎనిమిది పక్కన A వేసి, కింద సున్నా రాసుకుంది.

లీడరు వరుస ఆగస్టులో నలభై నాలుగు దగ్గర తెగింది. సత్తుపల్లిలో ఎవరిదో పెళ్ళి ఉందని వెళ్ళింది. అప్పటి నుంచి క్లాసులో పెద్ద వరుస నలభై నాలుగు. దాన్ని దాటాలంటే ఈ పిల్లకు నలభై ఐదు కావాలి. ఆగస్టు అంతా వచ్చింది. సెప్టెంబరులోనూ ఒక్కరోజు తప్పలేదు. వాగు పొంగే రోజుల్లో తెల్లారకముందే బయల్దేరి పై నుంచి చుట్టు తిరిగి వస్తోందని తర్వాత తెలిసింది. శనివారం శనివారం బోర్డు మీద అంకె పెరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకూ సంబరంగానే ఉండేది. స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను.

సెప్టెంబరు చివర్లో ఒక మంగళవారం ఆమె డెస్కు మీద తల పెట్టుకుని కనిపించింది. అప్పటికి నలభై ఒకటి.

"ఏంది, నిద్రనా?"

"అవ్ మేడం. రాత్రి నిద్ర వట్టలే."

బుధవారం మామూలుగానే ఉంది, మధ్యాహ్న భోజనం కూడా తిన్నది. గురువారం మళ్ళీ తల వాల్చింది. అంత ఉక్కలోనూ పక్క పిల్ల చున్నీ కప్పుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది.

"జరం ఉంది కదా. ఇంటికి పో. ఎవరినైనా తోడు పంపిస్తా."

"పోను మేడం. జరమేం లేదు. ఎండలో వచ్చిన, గందుకే." చున్నీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "ఇంకా రెండు రోజులే మేడం" అంది.

రోజు విడిచి రోజు చలీ జ్వరం వస్తే ఈ అడవి పక్కన ఏమని అనుకోవాలో నాకు తెలుసు. ఆరేళ్ళుగా చూస్తున్నాను. వేలి నుంచి చుక్క రక్తం తీసి, పావుగంటలో అది మలేరియానో కాదో చెప్పే పరీక్ష పట్టీ గూడెంలో ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. పంపించాల్సింది. ఒక పారాసిటమాల్ ఇచ్చి నీళ్ళు తాగమన్నాను. ఆ రోజు ఆమెకు వేసిన P నలభై మూడోది.

శుక్రవారం నలభై నాలుగు. శనివారం నలభై ఐదు. బోర్డు మీద నేను అంకె రాస్తుంటే లేచి నిలబడింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. లీడరే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

సోమవారం రాలేదు. A. మంగళవారం రాలేదు. A. బుధవారం పేర్లు పిలుస్తుంటే, ఆమె పేరు దగ్గర ఆ గూడెం పిల్ల ఒకతి లేచింది.

"చచ్చిపోయింది మేడం."

ఆదివారమే మాట తడబడిందట. సోమవారం ఫిట్స్ వచ్చాయి. 108 బండి వాగు ఇవతలే ఆగిపోతే మంచం మీద మోసుకొచ్చి ఎక్కించారు. భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళారు. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. మంగళవారం పొద్దున పోయింది.

బడికి సెలవిచ్చారు. అందరూ వెళ్ళిపోయాక పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఎనిమిది P లు, ఒక A, నలభై ఐదు P లు. ఆ ఒక్క A చోట P ఉంటే అది ముప్పై తొమ్మిది అయ్యేది, కింద సున్నా పడేది కాదు. ఆగస్టులో ఐదు రోజులకే లీడరు నలభై నాలుగును అందుకునేది, మర్నాడు దాటేది. ఆగస్టు రెండో వారానికే పెద్ద వరుస ఆమెదై ఉండేది. సెప్టెంబరులో జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో పడుకునేది. ఒక్క A పడినా ఆమె పెద్ద వరుసకు ఏమీ అయ్యేది కాదు. ఎన్నిసార్లు లెక్క పెట్టినా అదే వచ్చింది.

దసరా సెలవుల్లో గూడెం వెళ్ళాను. ఆశా కార్యకర్త నాతో వచ్చింది, వాళ్ళ భాష ఆమెకు వచ్చు. తల్లి నాకంటే చిన్నది. గుడిసె ముందు నులక మంచం వేసింది. నేను కూర్చుంటే తను కింద కూర్చుంది.

"గురువారం నేనే వచ్చిన మేడం, రక్తం చూస్త అని" అంది ఆశా కార్యకర్త. "సూది గుచ్చనియ్యలే. మలేరియా అని తేలితే బడికి పోనియ్యరని భయం. శనివారం దాకా ఆగమంది. నేను గట్టిగ పట్టుకుని చూడాల్సుండె."

తల్లి ఏదో అంది. ఆశా కార్యకర్త నా వైపు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"ఏమంటోంది?"

"ఆనాడు వాన్ల తడుసుకుంట వచ్చింది గద, రాలేదని ఎట్ల రాసినవ్ అంటాంది."

ఆలస్యమైందని చెప్పాను. ఆ మాట ఆమె వాళ్ళ భాషలోకి మారుస్తుంటే అది ఎంత చిన్న కారణమో నా చెవులకే వినిపించింది. తల్లి తల ఊపింది. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

జనవరి దాకా క్లాసులో ఇంకెవరి వరుసా నలభై నాలుగును అందుకోలేదు. అప్పుడు హెడ్మాస్టరు బహుమతి సంగతి ఎత్తారు. "నలభై నాలుగు ఉన్న పిల్లకే ఇద్దాం మేడం."

"పెద్ద వరుస నలభై ఐదు సార్."

"గా పిల్ల లేదు కదా. పేరు పిలిచి ఏం జేస్తం? తల్లిదండ్రుల ముందట బాగుండదు."

ఎవరికీ ఇవ్వొద్దన్నాను. ఆయన వినలేదు. ఇరవై ఆరో తారీఖున లీడరు పేరు పిలిచారు. ఆ అమ్మాయి వరుసలో నుంచి కదల్లేదు. రెండోసారి పిలిచినా రాలేదు. తలవంచుకుని ఏడుస్తోంది. స్కూలు బ్యాగు టేబుల్ మీదే ఉండిపోయింది. పాటలు మొదలుపెట్టించారు.

వేసవి సెలవులకు ముందు మండలం టీచర్లందరికీ మీటింగు జరిగింది. మా బడి హాజరు పెరిగిందని నన్ను మాట్లాడమన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను, నేను మార్చని A తో సహా. జ్వరం వచ్చిన పిల్లను బడికి రప్పించే బహుమతి ఏదీ పెట్టొద్దన్నాను. వెనక వరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ముందు వరుసలో ఒక సారు చేయి ఎత్తారు. మంచి మనిషే, పక్క ఊరి బళ్ళో లెక్కలు చెబుతారు.

"మేడం, ఆ పెద్ద వరుస కంప్యూటర్‌ల దానంతట అదే వచ్చేటట్టు చెయ్యొచ్చా? మా బళ్ళో కూడా పెడదామనుకుంటున్నం."

చెయ్యొచ్చని చెప్పాను. ఎలాగో మాత్రం చెప్పలేదు. మైకు పక్కన పెట్టి నా కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాను.