మెయిల్ యాప్ అడిగిన మూడు తాళాలు

కంటి ఆపరేషన్‌కి తేదీ ఇవ్వాలంటే ముందు స్కాన్ రిపోర్టు మెయిల్‌లో పంపమన్నారు తిరుమలగిరి డాక్టరుగారు. కొడుకు వాడి పడేసిన పాత ఫోనులో మనవరాలు నాకు మెయిల్ యాప్ పెట్టింది. తెరవగానే అది కాంటాక్టులు చూడనా, క్యాలెండర్ చూడనా, దాచుకున్న ఫైళ్ళు చూడనా అని అడగసాగింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు కూడా నన్ను ఇన్ని తాళాలు అడగలేదు. మూడింటికీ వద్దని నొక్కాను.

తీరా రిపోర్టు జతచేయబోతే కుదరలేదు.

"స్టోరేజ్ ఇయ్యకుంటే ఫైల్ ఎట్ల తీస్తది నానమ్మా? కాంటాక్టులు ఇయ్యలే, డాక్టర్ పేరు సుత చూపిస్తలేదు," అంది మనవరాలు.

"పేరు చూపియ్యకుంటే ఏమాయె? అడ్రస్ నేనే కొడతా. ఆ స్టోరేజ్ తాళం ఒక్కటి తియ్యి."

రిపోర్టు వెళ్ళగానే దాన్నీ మూయించాను. సాయంత్రానికి ఆపరేషన్ తేదీ వచ్చింది. ఫోను క్యాలెండర్‌లో అది ఎక్కలేదు. వంటింటి గోడ క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కన రాసుకున్నాను. గోడ ఎవరి అనుమతీ అడగదు.

ఆ మెయిల్‌తోనే కంటి చుక్కల చీటీ కూడా వచ్చింది. మందుల షాపులో చూపించాలంటే ఫోనులో దింపుకోవాలి.

"మళ్ళ తాళం తియ్యాలె," అంది మనవరాలు నవ్వాపుకుంటూ.

"తియ్యి. చీటీ దిగంగనే ఎయ్యి," అన్నాను.